వారం వారం పెట్టే పోస్టుకు పేరు మీ క్లాసులోనే దొరుకుతుంది

ప్రశ్న: నల్లగొండలో మా ఇంటి మేడ మీద యోగా నేర్పిస్తున్నాను. పొద్దున ఐదున్నరకు ఒక బ్యాచ్, సాయంత్రం ఆడవాళ్లకు ఒకటి. వారానికి ఒక పోస్టు వాట్సాప్ స్టేటస్‌లో, ఫేస్‌బుక్‌లో పెడదామని. ‘వెల్‌నెస్ వెన్స్‌డే’ అని పెట్టమంటున్నాడు మా అబ్బాయి. నాకు ‘ఈ వారం ఆసనం’ నచ్చింది. ఏ పేరు మంచిది? ప్రతి వారం ఏం రాయాలి? ఇంతకుముందు రెండుసార్లు మొదలుపెట్టి నాలుగో వారానికే ఆపేశాను.

జవాబు:

నాలుగో వారానికి ఆగిపోయిందన్నారు చూడండి, అక్కడి నుంచే మొదలుపెడతాను. ఆ రెండుసార్లూ ‘ఈ వారం ఆసనం’ లాంటి పేరే పెట్టి ఉంటారని నా అనుమానం. పన్నెండేళ్లు గడియారం సెంటర్ దగ్గర ఫ్లెక్సీలు, కరపత్రాలు వేశాను. తర్వాత టీచర్లకు, చిన్న దుకాణాలకు ఫేస్‌బుక్ పేజీలు చూసిపెట్టే పనిలోకి దిగాను. యోగా టీచర్లు దాదాపు అందరూ ముందు అడిగే పేరు ఇదే. దాని ఇబ్బంది మొదట్లో కనపడదు. మొదటి వారం తాడాసనం, రెండో వారం వృక్షాసనం పెడతారు. మూడో వారం వచ్చేసరికి ఇంకొంచెం కష్టమైనది పెట్టాలనిపిస్తుంది. నాలుగో వారానికే హలాసనం దాకా వెళ్తారు. ఆ పేరే మిమ్మల్ని మెట్లు ఎక్కిస్తుంది. చూసేవాళ్లు మాత్రం కిందే ఉండిపోతారు. యాభై ఐదేళ్ల ఆమె హలాసనం ఫొటో చూసి ‘ఇది నాకు కాదు’ అనుకుని ముందుకు జరిపేస్తుంది. ఆమె జరిపేసిందని మీకూ తెలిసిపోతుంది, చేతులు ఆడవు, ఆపేస్తారు.

మీ అబ్బాయి చెప్పిన పేరు గురించి కూడా ఒక మాట. ‘వెల్‌నెస్ వెన్స్‌డే’లో శబ్దం కలిసింది, నిజమే. కానీ మీ సాయంత్రం బ్యాచ్‌లో ఒకామె ఇంకొకామెకు ఫోన్‌లో ఆ పేరు చెప్పడం ఒక్కసారి ఊహించుకోండి. ‘మేడం బుధారం ఏదో పెడ్తది, చూసినవా’ అంటుంది. పేరు ఆమె నోట్లోకి రాలేదు. శబ్దమే కావాలంటే మనకు యతి ఉంది కదా. బ, భ కలుస్తాయి కాబట్టి ‘బుధవారం భుజంగాసనం’ చెవికి హాయిగా ఉంటుంది. ఐ, ఆ కూడా యతి మైత్రిలోవే, అందుకే ‘ఐతారం ఆసనం’ అంటే అచ్చం మన ఇంటి మాటలా పలుకుతుంది. అయితే యతి కలిసిందని ముచ్చటపడి పోస్టు మొదలుపెట్టకండి. ఒకబ్బాయి నా దగ్గరే ‘శనివారం శవాసనం’ అని కరపత్రం వేయించుకున్నాడు. ప్రాణాయామానికి వచ్చే ఒక పెద్దాయన మర్నాడే ఫోన్ చేసి, ‘శనివారం పూట శవం మాట ఎందుకు బిడ్డా, ఇంకే వారం దొరకలేదా’ అన్నాడట. అయిదు వందల కాగితాలూ అటక ఎక్కాయి.

మంచి పేరు ఎక్కడ దొరుకుతుందో చెప్పేందుకు నేను చూసిపెట్టిన ఒక టీచరమ్మ సంగతి చెబుతాను. దేవరకొండ రోడ్డు వైపు ఉంటుంది, క్లాసు మీలాంటిదే. మొదట ‘ఆరోగ్యమే మహాభాగ్యం’ అని పెట్టింది. ఆ మాట పొద్దున్నే వచ్చే గుడ్ మార్నింగ్ బొమ్మలన్నిటి మీదా ఉంటుంది. గులాబీ పువ్వు పక్కన ఆమె పోస్టు కలిసిపోయింది. ఆ తర్వాత ‘నడుం నొప్పి మాయం’ అందామంది. అది నేను ఒప్పుకోలేదు, ఎందుకో కింద చెబుతాను.

అప్పుడు ఒక పని చేయమన్నాను. వారం రోజులు క్లాసు జరుగుతున్నంతసేపూ ఫోన్‌ను మూలన పెట్టి మాటలు మాత్రం రికార్డు చెయ్యమన్నాను. క్లాసులో ఉన్నవాళ్లకు ముందే చెప్పి చేసింది. ఆ తర్వాత ఇద్దరం కూర్చుని విన్నాం. రెండు రకాల మాటల కోసం చెవి పెట్టాం. ఒకటి, చాప చుట్టేటప్పుడు వాళ్లు ఆమెను ఏమని అడుగుతున్నారు. రెండోది, తను తెలియకుండానే రోజూ అనే మాట ఏది. అడిగేవాటిలో ఆసనం పేరు ఒక్కటీ లేదు. ‘కూసుంటే లేస్తలేను మేడం’, ‘పొద్దుగాల మంచం దిగంగనే కండ్లు తిరుగుతున్నయ్’, ‘బస్సు దిగంగనే నడుం వట్టుకుంటది’, అన్నీ ఇలాంటివే. ఆమె నోటి మాట ఏమిటంటే, శవాసనం అయ్యాక ప్రతిరోజూ, ఒక్కరోజు కూడా తప్పకుండా, ‘కుడి పక్కకు తిరగండి, మెల్లగా లేవండి’ అంటుంది. పిల్లలు ఇంట్లో వెక్కిరిస్తారట ఆమెను, అన్నం ముందు నుంచి లేస్తుంటే కూడా ‘మెల్లగా లేవండి’ అని.

పేరు దొరికింది. ‘మెల్లగా లేవండి’. క్లాసుకు వచ్చేవాళ్లు స్టేటస్‌లో ఆ రెండు మాటలు చూస్తే ఆమె గొంతు వినిపిస్తుంది. క్లాసుకు రానివాళ్లకు ఇది ఏ ఆసనమో తెలియకపోయినా పనికొచ్చే మాటే అనిపిస్తుంది. అడిగే ప్రశ్నలన్నీ ఎక్కడో ఒకచోట నుంచి లేవడం గురించే కాబట్టి పేరూ ప్రశ్నలూ ఒకదానికొకటి సరిపోయాయి.

అయినా వెంటనే ఖాయం చెయ్యలేదు. నేను ప్రతి పేరుకూ ఒక పరీక్ష పెడతాను: ఆ పేరు కింద పన్నెండు వారాల శీర్షికలు ఒక్క కూర్చోవడంలో రాయగలగాలి, ఏదీ మునుపటి దానికంటే కష్టం కాకూడదు. ఎనిమిది దగ్గర కలం ఆగితే పేరు ఇరుకన్నమాట. ముప్పై దాకా పోతుంటే మరీ వెడల్పు, దానికి ఆకారం ఉండదు. ఆమె అరగంటలో రాసింది. మంచం మీద నుంచి, చాప మీద నుంచి, కుర్చీలోంచి, బట్టలుతికే పీట మీద నుంచి లేవడం. పత్తి ఏరుతూ వంగిన నడుం ఎత్తడం. హైదరాబాద్ నుంచి రెండున్నర గంటలు కూర్చుని వచ్చి బస్సు దిగడం. వ్రతంలో కూర్చుని కాలు తిమ్మిరెక్కినప్పుడు లేవడం. రాత్రి బాత్రూంకు లేవడం. చండూరు నుంచి వచ్చే ఒకామె భర్త నేతపని చేస్తాడు, ఆయన కోసం గుంట మగ్గంలోంచి పైకి రావడం. నమాజులో సజ్దా నుంచి లేచేటప్పుడు మోకాలు పట్టేస్తోందని ఒకామె అడిగింది, అది ఒకటి. వజ్రాసనంలోంచి, చివరగా శవాసనంలోంచి. పన్నెండూ వచ్చాయి. బతుకమ్మ తొమ్మిది రోజులూ వంగి చప్పట్లు కొట్టి లేచేవాళ్ల కోసం ఒకటి పక్కన పెట్టుకుంది, అది పండగ వారానికి.

‘ఈ వారం ఆసనం’తో ఇదే పరీక్ష చేసి చూడండి, తేడా మీకే తెలుస్తుంది. ఆసనాలు వందలున్నాయి, కానీ మీ దగ్గరికి వచ్చేవాళ్లు ఇంట్లో ఒంటరిగా చెయ్యదగ్గవి ఎన్ని?

ఇక లోపల ఏం రాయాలి. ఆమె పోస్టుకు నాలుగు భాగాలు పెట్టాం, ప్రతి వారం అదే వరుస. మొదట ఎవరో నిజంగా అన్న ఒక వాక్యం, పేరు లేకుండా. తర్వాత ఒకే ఒక్క కదలిక, మూడు నాలుగు వాక్యాల్లో, ఊపిరి ఎప్పుడు వదలాలో కలిపి. మూడోది ఎవరు చెయ్యకూడదు. చివర రేపు పొద్దున చేసి చెప్పగలిగే ఒక చిన్న ప్రశ్న. వరుస మారదు కాబట్టి చదివేవాళ్ల కన్ను నేరుగా తనకు కావలసిన చోటికి వెళ్తుంది, రాసేవాళ్లకు తెల్ల కాగితం భయం ఉండదు. మూడో వారం పోస్టు ఇలా వచ్చింది:

‘మెల్లగా లేవండి – 3. కుర్చీలోంచి.

“సోఫాల కూసుంటే మా కోడలు చెయ్యిస్తే గాని లేస్తలేను.”

కుర్చీ అంచుకు జరిగి కూర్చోండి. పాదాలు భుజాలంత ఎడంగా పెట్టి, మడమలు మోకాళ్ల కంటే కొంచెం వెనక్కి లాగండి. తుంటి దగ్గర నుంచి ముందుకు వంగి, ఊపిరి వదులుతూ లేవండి. కూర్చునేటప్పుడు నాలుగు లెక్కపెడుతూ మెల్లగా దిగండి, ధబీమని పడొద్దు. ఐదుసార్లు చాలు. లేవలేకపోతే కుర్చీలో కూర్చునేచోట దుప్పటి మడిచి వేసి ఎత్తు పెంచండి.

మోకాలికి, తుంటికి ఈ మధ్య ఆపరేషన్ అయినవాళ్లు, లేవగానే కళ్లు తిరిగేవాళ్లు డాక్టర్‌ను అడక్కుండా చెయ్యొద్దు.

రేపు పొద్దున చెయ్యి ఆనించకుండా ఎన్నిసార్లు లేచారో చెప్పండి.’

చూడండి, ఇందులో ఆసనం పేరే లేదు. అయినా ఇది యోగా క్లాసు పోస్టే, ఎందుకంటే ఊపిరి వదులుతూ లేవడం, లెక్కపెడుతూ దిగడం మీరు రోజూ నేర్పించేదే. ఆసనం పేరు చెప్పి తీరాలనిపిస్తే దీన్ని ఉత్కటాసనంతో కలపొచ్చు, కానీ పోస్టు చివర, చిన్నగా. ఆమె మొదటి రెండు వారాలు పైనే రాసింది. ‘ఆ ఆసనం అంటే ఏంది మేడం’ అన్న ప్రశ్నలే వచ్చాయి, చేసి చూశామన్నవాళ్లు ఎవరూ లేరు.

చివరి ప్రశ్న ఊరికే పెట్టలేదు. ‘మీకు నచ్చిందా’ అని అడిగితే దండం బొమ్మలు వస్తాయి, వాటితో ఏం చేస్తాం? ‘ఎన్నిసార్లు లేచారు’ అంటే అంకె వస్తుంది. అంకెతోపాటు ఎక్కడ ఆగిందో కూడా వస్తుంది. మూడో వారం పోస్టుకు ముగ్గురు ‘లేస్తున్న గాని మోకాళ్లు లోపలికి వంగుతున్నయ్’ అన్నారు. ఐదో వారం పోస్టు దాని మీదే పెట్టింది. మోకాలు లోపలికి పోతోందంటే పాదాలు మరీ దగ్గరగా పెట్టారనో, కుర్చీ మరీ పొట్టిదనో, తొడల్లో బలం చాలడం లేదనో. లేచేటప్పుడు ఊపిరి బిగబడుతున్నారా అని కూడా చూడమంది. బిగబట్టడం అంటే ఆ ఎత్తు వాళ్లకు ఇంకా బరువని అర్థం. పోస్టుకు వచ్చిన జవాబే తర్వాతి పోస్టు అయినప్పుడు వారం వారం కొత్తది వెతుక్కోనక్కర్లేదు.

ఇప్పుడు ‘నడుం నొప్పి మాయం’ ఎందుకు వద్దన్నానో. పేరే మాట ఇస్తుంది కదా, ఆ మాట మీరు నిలబెట్టుకోలేరు. నడుం నొప్పి పది రకాలు, అందులో కొన్ని మీ చాప మీద తగ్గేవి కావు. మన జిల్లాలో ఇంకొకటి ఉంది. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు నీళ్లలో ఫ్లోరైడ్ తాగి పెరిగిన తరం ఒకటి మన మధ్య ఉంది. ఎముకలకు ఫ్లోరోసిస్ పట్టినవాళ్లకు వెన్ను, మెడ కర్రలా బిగుసుకుపోతాయి, ఎముకను పట్టి ఉంచే కట్లు కూడా ఎముకలాగే గట్టిపడతాయి. అది కండరాల బిగువు కాదు. ‘ఇంకొంచెం వంగండి, వస్తుంది’ అని మనం అలవాటుగా అనే మాట అక్కడ పనికిరాదు, హాని చేస్తుంది. కాబట్టి అటునుంచి వచ్చిన పెద్దవాళ్లు చదువుతారని తెలిసినప్పుడు ముందుకు వంగే ప్రతి పోస్టులో, మెడ గానీ నడుం గానీ ఏళ్ల తరబడి వంగనివాళ్లు డాక్టర్‌కు చూపించాకే రమ్మని ఒక వాక్యం ఉండాలి. పేరులో ‘మాయం’ పెట్టి లోపల ఈ వాక్యం రాస్తే మీ పోస్టు మీతోనే తగాదా పడుతుంది. బీపీ, షుగర్, థైరాయిడ్ పేర్లు కూడా శీర్షికలోకి రానివ్వకండి. ‘షుగర్‌కు ఈ ఆసనం’ అని పెడితే ఎక్కువమంది చూస్తారు, నిజమే. కానీ అది చూసి గోళీ ఆపేసిన మనిషి ఒక్కరున్నా ఆ లెక్క తప్పే.

రాత్రి బాత్రూంకు లేవడం అన్న శీర్షిక ఆమెకు బాగా పనికొచ్చింది. పడుకున్న మనిషి ఒక్కసారి నిలబడితే రక్తం కాళ్లలోకి దిగి, తలకు క్షణకాలం చాలదు. బీపీ గోళీలు వేసుకునేవాళ్లకు ఇది ఇంకా ఎక్కువ. అందుకే వెల్లకిలా నుంచి నేరుగా లేవకుండా మోకాళ్లు మడిచి, పక్కకు తిరిగి, కాళ్లు మంచం కిందికి వేస్తూ పై చేత్తో పరుపును నెట్టి లేవాలి, తల చివరికి పైకి రావాలి. కూర్చున్నాక నాలుగైదు శ్వాసలు ఆగి, అప్పుడు నిలబడాలి. శవాసనం తర్వాత మీరు రోజూ చేయించేదే ఇది, మంచానికి మార్చి చెప్పిందంతే. అయినా రోజూ కళ్లు తిరుగుతుంటే గోళీ మోతాదు గురించి డాక్టర్‌ను అడగాలని రాసింది. ఆ పోస్టు కూతుళ్లు తల్లులకు పంపుకున్నారు.

వారం, వేళ సంగతి. పేరులో వారం పెట్టకండి. పండగ వచ్చో, ఇంట్లో పెళ్లి వచ్చో గురువారం పెట్టాల్సి వస్తే ‘బుధవారం’ అన్న పేరు వెక్కిరిస్తుంది. వారం అలవాటులో ఉంటే చాలు. ఆమె బుధవారం రాత్రి ఎనిమిదిన్నరకు పెడుతుంది. స్టేటస్ 24 గంటలే ఉంటుంది కాబట్టి రాత్రి పెడితే పడుకునే ముందు చూసేవాళ్లకూ, మర్నాడు మధ్యాహ్నం పని అయ్యాక ఫోన్ పట్టేవాళ్లకూ అందుతుంది.  శుక్రవారం పొద్దున తలస్నానాలు, దీపాలు, ఎవరూ కుర్చీ ఎక్కి దిగరు. అందుకే బుధవారం పెట్టి గురువారం చెయ్యమనడం.

స్టేటస్‌తో ఒక చిక్కుంది, చాలామందికి తెలియదు. మీ నంబర్ వాళ్ల ఫోన్‌లో సేవ్ అయి ఉండాలి, వాళ్ల నంబర్ మీ ఫోన్‌లో ఉండాలి, రెండూ ఉంటేనే మామూలుగా మీ స్టేటస్ వాళ్లకు కనపడుతుంది. ఆ టీచరమ్మ క్లాసులో నలభైమందికి పైగా ఉంటే మొదటి పోస్టును వాళ్లలో సగం మందైనా చూడలేదు. పోస్టు బాగాలేదని బాధపడింది. రిజిస్టర్ ముందు పెట్టుకుని ఒక్కొక్కరినీ ఫోన్ తీయించి చూస్తే, చాలామంది ఆమె నంబర్‌ను గ్రూపులో చూసి వాడుకుంటున్నారు తప్ప సేవ్ చేసుకోలేదు. ఆ పని ఒక్క సాయంత్రంలో అయిపోయింది. మీరు పేరు మార్చే ముందు ఇది చూసుకోండి.

స్టేటస్ పోతుంది కాబట్టి అదే పోస్టు ఫేస్‌బుక్‌లో కూడా ఉండాలి, పేరు ప్రతిసారీ ఒకే అక్షరాలతో. ఒకసారి ‘లేవండి’, ఇంకోసారి ‘లెవ్వండి’ అని రాస్తే వెతికినప్పుడు సగం దొరకవు. మాట్లాడేటప్పుడు ఎలాగైనా అనండి. పక్కన అంకె వెయ్యండి, తేదీ వద్దు. ‘మేడం, ఆ మూడోది పంపరా’ అని అడగడానికి అంకె పనికొస్తుంది. ఒక వారం తప్పినా అంకె తప్పదు. రెండు పోస్టులు ఎప్పుడూ ముందుగా రాసి దాచుకోండి, దసరాకో సంక్రాంతికో ఊరెళ్లినప్పుడు వాడుకోవచ్చు.

మీరు అడిగింది పేరు. ‘మెల్లగా లేవండి’ ఆమె గొంతుది, అది తీసుకోకండి, మీ క్లాసులో అది మీ మాటలా వినపడదు. ఈ సోమవారం నుంచి శనివారం దాకా మీ క్లాసు రికార్డు చేసి వినండి. మీరు రోజుకు కనీసం రెండుసార్లు అనే మాటలు రెండో మూడో దొరుకుతాయి. వాటిని మీ సాయంత్రం బ్యాచ్‌లో అందరికంటే పెద్దామెకు ఫోన్‌లో చెప్పి, మళ్లీ అనమనండి. తడబడకుండా అన్నదాన్ని పన్నెండు వారాల పరీక్షకు పెట్టండి.

ఫొటో గురించి కూడా, ఎందుకంటే మీది మేడ మీద క్లాసు. పిట్టగోడ ముందు నిలబడి ఎదురుగా తీస్తే వంగిన నడుం కనపడదు, పక్క నుంచి తీయించుకోండి. పిట్టగోడ తెల్లగా ఉంటే ముదురు రంగు డ్రెస్ వేసుకోండి. క్లాసుకు వచ్చే పెద్దామె ఎవరైనా ఒప్పుకుంటే ఆమెనే కూర్చోబెట్టి తీయండి, మీ ఫొటో కంటే అదే మంచిది. పొద్దున బ్యాచ్ అయిపోగానే తీస్తే ఎండ ఇంకా ఎక్కదు. ఎనిమిది దాటితే ట్యాంకు నీడ సరిగ్గా చాప మీదికి వస్తుంది, ఆమె మేడ మీద మాకు అదే జరిగింది.